వీసా మీద ఉన్నవారి విశ్రాంత జీవితపు పొదుపు: ఏ డబ్బు ఏ దేశంలో ఉండాలి?

(అమెరికాలో తాత్కాలిక వీసా మీద పనిచేస్తున్నవారికీ, వారి తల్లిదండ్రులకూ గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటరు ఇచ్చిన ప్రసంగానికి లిఖిత రూపం)

పెద్దలందరికీ నమస్కారం. సెలవుల మీద వచ్చి, ఉన్న కొద్ది రోజుల్లో ఒక పూట ఇక్కడ గడపడానికి ఒప్పుకున్న పిల్లలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

నా దగ్గరకు వచ్చే కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే. మా అబ్బాయి హెచ్-1బి వీసా మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు, అలాంటప్పుడు జీతంలోంచి కోసి కంపెనీ ద్వారా వేసే, అరవై ఏళ్లు వస్తేగాని ముట్టుకోకూడని 401(కె) అనే విశ్రాంత పొదుపు ఖాతాలో డబ్బు ఎందుకు ఇరికించాలి, అదే డబ్బు ఇక్కడికి పంపితే ఒక ప్లాటైనా వస్తుంది కదా అంటారు. ఈ ప్రశ్న వెనుక ఉన్న భయం న్యాయమైనదే. హెచ్-1బి మొదట మూడేళ్లకు ఇస్తారు, పొడిగింపుతో ఆరేళ్లు అవుతుంది, గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే తప్ప ఆ పైన పొడిగింపు ఉండదు. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. వెళ్లేది మన ఇష్టమైనా, వెనక్కి వచ్చే తేదీ మన చేతిలో లేదు.

అందుకే నేను ఈ విషయాన్ని ఎంత వడ్డీ వస్తుంది అనే వైపు నుంచి మొదలుపెట్టను. ఈ ఖాతాలో ఉన్న రూపాయి గాని డాలరు గాని, నేను ఆ దేశం వదిలే రోజున ఏమవుతుంది, వదిలిన తర్వాత ఏమవుతుంది అన్నది మొదట అడగాలని నా అభిప్రాయం. దీన్ని ఒక ఉదాహరణ మీద పెట్టి చూద్దాం. మన తెనాలి అమ్మాయి ఒకరు, పేరు స్రవంతి అనుకుందాం, డల్లాస్‌లో ఏడాదికి లక్ష డాలర్ల జీతం మీద పనిచేస్తున్నది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనుక లెక్క తేలికగా ఉంటుంది. ఒంటరిగా రిటర్ను దాఖలు చేసే ఆమె జీతంలో పైభాగం మీద సమాఖ్య పన్ను 22 శాతం పడుతుంది. ఆమె కంపెనీ ఒక మాట ఇచ్చింది: నీ జీతంలో ఆరు శాతం వరకు నువ్వు 401(కె)లో వేసుకుంటే, నువ్వు వేసిన ప్రతి డాలరుకు మేము అర డాలరు కలుపుతాము. దీన్నే మ్యాచింగ్ అంటారు. అంటే స్రవంతి ఏడాదికి 6,000 డాలర్లు వేస్తే, కంపెనీ 3,000 కలుపుతుంది.

అయిదేళ్లు గడిచాయనుకోండి. ఆమె వేసింది 30,000, కంపెనీ కలిపింది 15,000, మొత్తం 45,000 డాలర్లు. మార్కెట్‌లో పెరిగినది ఏమీ లేదనే అనుకుందాం, ఎందుకంటే పెరుగుదలను లెక్కలోకి తెస్తే అసలు విషయం మరుగున పడుతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ 30,000 డాలర్లు ఆమె చేతి నుంచి పూర్తిగా పోయినవి కావు. 401(కె)లోకి వెళ్లేది ఆదాయపు పన్ను కోయకముందు డబ్బు. అదే జీతంగా చేతికి వచ్చి ఉంటే అందులో 22 శాతం పన్నుకు పోయి 23,400 మాత్రమే మిగిలేవి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఎలాగూ రెండు దారుల్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని పక్కన పెడదాం. కనుక ఆమె నిజంగా వదులుకున్నది 23,400.

ఇప్పుడు వీసా అయిపోయింది, స్రవంతి తెనాలికి తిరిగి వచ్చింది, డబ్బు వెంటనే కావాలనుకుంది. 59 ఏళ్ల ఆరు నెలల వయసు నిండకముందు తీసుకుంటే పది శాతం అదనపు పన్ను పడుతుంది. అమెరికాకు నాన్-రెసిడెంట్ అయిపోయినవారికి ఖాతా నిర్వహించే సంస్థ సాధారణంగా 30 శాతం పన్ను ముందే కోసి ఇస్తుంది. తర్వాత 1040-ఎన్ఆర్ రిటర్ను వేస్తే, అమెరికాలో చేసిన పనికి సంబంధించిన భాగం మీద శ్లాబుల ప్రకారం లెక్కకట్టి కొంత వెనక్కి రావడానికి అవకాశం ఉంది. అయినా మనం అన్నిటికంటే చెడ్డ సందర్భాన్నే తీసుకుందాం. 30 శాతమూ పోయింది, పది శాతమూ పోయింది, ఒక్క డాలరూ వెనక్కి రాలేదు. 45,000లో నలభై శాతం అంటే 18,000 పోగా, చేతికి 27,000 డాలర్లు వస్తాయి. ఆమె వదులుకున్నది 23,400. ఇంత శిక్ష పడిన తర్వాత కూడా ఆమె 3,600 డాలర్లు పైకే ఉంది.

అదే లెక్కలో కంపెనీ మ్యాచింగ్ తీసేసి చూడండి. 30,000లో నలభై శాతం పోతే మిగిలేది 18,000. వదులుకున్న 23,400 కంటే 5,400 డాలర్లు తక్కువ. నేను ఈ సభకు తీసుకొచ్చిన అసలు సంగతి ఈ రెండు అంకెల మధ్య ఉంది. కంపెనీ కలిపే వరకు 401(కె)లో వేసుకోవడం, రేపే తిరిగి వచ్చేస్తామని తెలిసినవారికి కూడా నష్టం కాదు. కంపెనీ కలపడం ఆపేసిన గీత దాటి వేసేది మాత్రం, ఆ డబ్బును అరవైకి చేరేదాకా అక్కడే వదిలేయగలిగినవారికే మేలు. 2025లో ఉద్యోగి తన జీతం నుంచి వేసుకోగల గరిష్ఠ పరిమితి 23,500 డాలర్లు. సహోద్యోగులు గరిష్ఠంగా నింపుతున్నారని చూసి మనవాళ్లూ నింపేస్తుంటారు. సహోద్యోగి అక్కడి పౌరుడు, అతను ముప్పై ఏళ్లు అక్కడే ఉంటాడు. అతనికి సరిపోయే అంకె మనకు సరిపోతుందని లేదు.

అయితే ఈ లెక్క నిలబడాలంటే ఒక షరతు ఉంది, దాన్ని వెస్టింగ్ అంటారు. స్రవంతి సొంతంగా వేసిన డబ్బు మొదటి రోజు నుంచే పూర్తిగా ఆమెది. కంపెనీ కలిపిన డబ్బు అలా కాదు. కొన్ని కంపెనీలు వెంటనే ఇచ్చేస్తాయి. కొన్ని మూడేళ్లు నిండేదాకా ఏమీ ఇవ్వకుండా, మూడేళ్లు నిండిన రోజున మొత్తం ఇస్తాయి. మరికొన్ని రెండో ఏడాది నుంచి ఏటా ఇరవై శాతం చొప్పున ఆరేళ్లలో ఇస్తాయి. చట్టం అనుమతించే గరిష్ఠ వ్యవధులు ఇవే. మూడేళ్ల షరతు ఉన్న చోట రెండేళ్ల పది నెలలకు ఉద్యోగం మారినవారికి మ్యాచింగ్ మొత్తం పోతుంది, అంటే వారు ఇందాక చెప్పిన రెండో లెక్కలోకి, నష్టం వచ్చే లెక్కలోకి జారిపోతారు. మన పిల్లలలో కన్సల్టెన్సీల ద్వారా పనిచేసేవారు రెండేళ్లకు ఒకసారి యజమానిని మారుస్తూ ఉంటారు గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన రోజే ప్లాన్ వివరాల పత్రం అడిగి తీసుకుని, అందులో వెస్టింగ్ అన్న చోట ఏముందో చదవాలి. ఖాతా వెబ్‌సైటులో మొత్తం నిల్వ ఒక చోట, వెస్ట్ అయిన నిల్వ మరో చోట చూపిస్తారు. మనది అని లెక్కవేసుకోవలసింది రెండోదాన్ని.

ఉద్యోగం మారినప్పుడు పాత ఖాతా ఏమవుతుందన్నది చాలామంది పట్టించుకోరు. నిల్వ 7,000 డాలర్లకు మించి ఉంటే మీ అనుమతి లేకుండా పాత కంపెనీ మిమ్మల్ని ప్లాన్ నుంచి బయటికి పంపకూడదు. అంతకు తక్కువ ఉంటే మీ పేరున ఐఆర్ఏ అనే వ్యక్తిగత విశ్రాంత ఖాతా ఒకటి తెరిచి అందులోకి నెట్టేయవచ్చు, 1,000 డాలర్లకు లోపు అయితే చెక్కు రాసి పాత చిరునామాకు పంపేయవచ్చు. మీరు అప్పటికే ఇల్లు మారి ఉంటారు. కొత్త యజమాని ప్లాన్‌లోకి గాని, సొంత ఐఆర్ఏలోకి గాని మార్చుకునేటప్పుడు డబ్బు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు నేరుగా వెళ్లేలా చూసుకోవాలి. మీ చేతికి చెక్కు ఇస్తే ఇరవై శాతం ముందే కోస్తారు, 60 రోజుల్లో ఆ కోసిన మొత్తాన్ని కూడా మీ జేబు నుంచి పూడ్చి వేయకపోతే, పూడ్చని భాగాన్ని డబ్బు తీసుకున్నట్టే పరిగణిస్తారు.

సోషల్ సెక్యూరిటీ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. జీతం నుంచి 6.2 శాతం దానికి పోతుంది, కంపెనీ మరో 6.2 శాతం కడుతుంది. దాని మీద పింఛను హక్కు రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారుగా పదేళ్ల ఉద్యోగం కావాలి. భారతదేశానికీ అమెరికాకూ మధ్య ఈ కాలాలను కలిపి లెక్కించే ఒప్పందం లేదు. ఎనిమిదేళ్లు చేసి వచ్చేసినవారికి ఆ డబ్బు రాదు, వెనక్కీ ఇవ్వరు. పదేళ్లకు దగ్గరగా ఉండి తిరిగి రావాలనుకుంటున్నవారు తమ క్రెడిట్ల సంఖ్యను ఆ శాఖ వెబ్‌సైటులో చూసుకుని, మరి కొన్ని నెలలు ఆగడం సాధ్యమా అని ఆలోచించుకోవచ్చు.

ఇప్పుడు గీతకు అవతలి డబ్బు దగ్గరకు వద్దాం. మ్యాచింగ్ వరకు వేసుకున్న తర్వాత మిగిలేది ఎక్కడ పెట్టాలి? మన ఊళ్లలో దీనికి సిద్ధంగా మూడు జవాబులు ఉంటాయి. ఒకటి విదేశాల్లో ఉన్నవారు ఇక్కడి బ్యాంకులో రూపాయల్లో వేసుకునే ఎన్ఆర్ఈ డిపాజిటు, రెండు మ్యూచువల్ ఫండులో నెలనెలా వేసే సిప్, మూడు స్థలం. మూడింటిలోనూ మన కంటికి కనబడని భాగం అమెరికా వైపు ఉంటుంది.

హెచ్-1బి మీద ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడ ఉండేవారు సాధారణంగా అమెరికా పన్ను చట్టం దృష్టిలో రెసిడెంటే. రెసిడెంటుకు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడ పన్ను పరిధిలోకి వస్తుంది. ఎన్ఆర్ఈ డిపాజిటు వడ్డీ మీద భారతదేశంలో పన్ను లేదు కనుక అది పన్ను లేని డబ్బు అని బ్యాంకులో చెబుతారు. వారు చెప్పింది భారతదేశం మటుకు నిజం. అమెరికా రిటర్నులో ఆ వడ్డీని ఏటా చూపించి పన్ను కట్టాలి. అన్ని విదేశీ ఖాతాల మొత్తం నిల్వ ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక వేరుగా దాఖలు చేయాలి. నాన్నగారి ఖాతాలో రెండో పేరుగా ఉన్న పిల్లలకు కూడా ఆ ఖాతా లెక్కలోకి వస్తుంది. ఈ మాట తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను, మంచి ఉద్దేశంతో మీరు చేర్చిన పేరు అక్కడ వారికి ఒక బాధ్యత అవుతుంది.

వడ్డీ రేటు విషయంలో కూడా తొందరపడకూడదు. 2010లో డాలరు సుమారు 45 రూపాయలు, 2025లో 85 దాటింది. ఏటా సగటున నాలుగు శాతం పైచిలుకు రూపాయి తగ్గినట్టు లెక్క. ఇక్కడ ఏడు శాతం వడ్డీ వస్తే, దాని మీద అమెరికాలో 22 శాతం పన్ను పోగా అయిదున్నర మిగులుతుంది, రూపాయి తగ్గుదల కూడా తీసేస్తే డాలర్లలో చేతికి దక్కేది ఒక్క శాతం పైచిలుకు మాత్రమే. మేము వృద్ధాప్యంలో ఇక్కడే ఉంటాము, ఖర్చు రూపాయల్లోనే కదా అనవచ్చు. నిజమే, కానీ రూపాయి తగ్గినప్పుడల్లా డాలర్లలో ఉన్న డబ్బు విలువ రూపాయల్లో పెరుగుతూనే ఉంటుంది. కనుక ఏడు శాతాన్ని అక్కడి బ్యాంకు ఇచ్చే నాలుగు శాతంతో నేరుగా పోల్చడం సరికాదు. రాబోయే మూడు నాలుగేళ్లలో ఇక్కడ ఖర్చు పెట్టవలసిన డబ్బుకు, చెల్లెలి పెళ్లికో ఇంటి మరమ్మతుకో, ఎన్ఆర్ఈ డిపాజిటు చక్కగా సరిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాతి అవసరానికి అది ప్రధానమైన చోటు కాకూడదు.

సిప్ విషయం ఇంకా గట్టిది. భారతదేశపు మ్యూచువల్ ఫండును అమెరికా చట్టం పిఎఫ్ఐసి అనే తరగతిలో పెడుతుంది. ఆ చట్టం ఎందుకు వచ్చిందంటే, తమ పన్ను చెల్లింపుదారులు విదేశీ ఫండ్లలో డబ్బు దాచి, ఏళ్ల తరబడి పన్ను వాయిదా వేసుకోకూడదని. మన స్రవంతి ఇక్కడి ఫండులో 10,000 డాలర్ల విలువైన డబ్బు పెట్టి, అయిదేళ్ల తర్వాత 16,000కు అమ్మిందనుకుందాం. అదే లాభం అమెరికా ఫండులో వచ్చి ఉంటే, దీర్ఘకాలిక లాభం మీద 15 శాతం చొప్పున 900 డాలర్లు కట్టి ఊరుకునేది. ఇక్కడి ఫండు కాబట్టి ఆ 6,000 లాభాన్ని అయిదేళ్లకు సమానంగా, ఏటా 1,200 చొప్పున పంచుతారు. చివరి ఏడాది వాటా మీద ఆమె మామూలు రేటు 22 శాతం, అంటే 264 పడుతుంది. మిగతా నాలుగేళ్ల వాటా 4,800 మీద, ఆమె శ్లాబు ఏదైనా సరే, ఆ ఏళ్లలో ఉన్న అత్యధిక రేటు 37 శాతం, అంటే 1,776 పడుతుంది. రెండూ కలిపి 2,040. దాని పైన ఆ నాలుగేళ్లకూ ఆలస్యానికి వడ్డీ. ఏ ఫండుకు ఆ ఫండు 8621 అనే ఫారం వేరుగా నింపాలి. ఆరు ఫండ్లలో సిప్‌లు ఉన్నవారికి ఆ ఫారాలు నింపించే ఖర్చే లాభాన్ని తినేస్తుంది. మొత్తం విలువ 25,000 డాలర్ల లోపు ఉండి, ఏడాదిలో ఏదీ అమ్మకపోతే, విశేషమైన పంపిణీ ఏదీ రాకపోతే ఆ ఫారం నుంచి మినహాయింపు ఉంది. అమ్మిన రోజున మాత్రం ఆ మినహాయింపు అక్కరకు రాదు.

ఇక్కడ తప్పు ఎలా జరుగుతుందో చెబుతాను. అమెరికా వెళ్లకముందు హైదరాబాదులోనో బెంగళూరులోనో పనిచేస్తున్నప్పుడు మొదలుపెట్టిన సిప్, వీసా వచ్చి వెళ్లిపోయిన తర్వాత కూడా పాత సేవింగ్స్ ఖాతా నుంచి నెలనెలా కోతపడుతూనే ఉంటుంది. ఆ ఖాతాను విదేశాల్లో ఉన్నవారికి ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చాలన్న సంగతి ఎవరూ చెప్పరు. అయిదేళ్ల తర్వాత ఇల్లు కొనడానికి అమ్మితే గాని ఈ వ్యవహారమంతా బయటపడదు. కాబట్టి వెళ్లే ముందే, అంటే అమెరికాలో అడుగుపెట్టి పన్ను రెసిడెంట్ కాకముందే, ఇక్కడి ఫండ్లను అమ్ముకోవడం చాలామందికి శుభ్రమైన మార్గం. అప్పటికే అక్కడ ఉన్నవారు కొత్త సిప్‌లు ఆపి, పాతవాటి లెక్క అమెరికా పన్ను తెలిసిన మనిషి చేత కట్టించుకోవాలి. సాధారణ వ్యాపార కంపెనీల షేర్లకు ఈ పిఎఫ్ఐసి బెడద మామూలుగా ఉండదు.

ఇక స్థలం. గుంటూరులో నిలబడి స్థలం వద్దనే ధైర్యం నాకు లేదు, అనవలసిన పనీ లేదు. కానీ విశ్రాంత జీవితానికి ఉన్న ఆధారమంతా ఒకే ప్రాంతంలోని స్థలమైతే ఏమవుతుందో మనకంటే బాగా తెలిసినవారు లేరు. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగినప్పుడు విదేశాల నుంచి వచ్చిన డబ్బు చుట్టుపక్కల ప్లాట్లలోకి ప్రవహించింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక కొనేవారు కనబడలేదు. 2024లో పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్య కాలంలో వీసా పోయి తిరిగి వచ్చినవారికి ఆ ప్లాటు కాగితం మీది ఆస్తే గాని, ఇల్లు గడిపే డబ్బు కాలేదు. ఇంకొక సంగతి, విదేశంలో ఉన్నవారు వ్యవసాయ భూమి కొనడానికి మన విదేశీ మారక చట్టం, ఫెమా, సాధారణంగా ఒప్పుకోదు. అందుకని బావమరిది పేరున నాలుగు ఎకరాలు కొనిపించేవారున్నారు. అది బినామీ చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఒకటైతే, ఆ భూమి చట్టం దృష్టిలో మీది కాకపోవడం రెండోది.

అయితే గీతకు అవతలి డబ్బు ఎక్కడ ఉండాలి? నా అభిప్రాయం చెబుతాను. ఆరు నెలల ఖర్చు అక్కడి బ్యాంకులోనే, ఏ రోజు కావాలంటే ఆ రోజు తీయగలిగేలా ఉండాలి, ఎందుకంటే 60 రోజుల గడువు మొదలైనప్పుడు విమానం టిక్కెట్లు, అద్దె ఒప్పందం రద్దు, సామాను తరలింపు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ పైన మిగిలేది అక్కడే మామూలు బ్రోకరేజి ఖాతాలో, తక్కువ ఖర్చున్న ఇండెక్సు ఫండులో ఉండడం చాలామందికి నయం. అందులో వయసు షరతు లేదు, పది శాతం శిక్ష లేదు, పిఎఫ్ఐసి లేదు. తిరిగి వచ్చాక కూడా దాన్ని ఉంచుకోవడానికి ఫెమా చట్టం అడ్డు చెప్పదు, విదేశంలో నివసించిన కాలంలో సంపాదించిన విదేశీ ఆస్తిని తిరిగి వచ్చాక కొనసాగించుకునే హక్కు ఆ చట్టంలోని 6(4) సెక్షన్ ఇస్తుంది. కానీ భారతీయ చిరునామా ఉన్నవారి ఖాతాల మీద కొన్ని బ్రోకరేజి సంస్థలు ఆంక్షలు పెడతాయి. వచ్చే ముందే అడిగి, అవసరమైతే అనుమతించే సంస్థకు మార్చుకోవాలి.

తిరిగి వచ్చిన తర్వాతి రెండేళ్లు ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత విలువైన కాలం. చాలామంది అది తెలియకుండానే గడిపేస్తారు. మన ఆదాయపు పన్ను చట్టం తిరిగి వచ్చినవారిని వెంటనే పూర్తి రెసిడెంటుగా చూడదు. గత పది ఆర్థిక సంవత్సరాల్లో తొమ్మిదింట నాన్-రెసిడెంటుగా ఉన్నా, గత ఏడేళ్లలో భారతదేశంలో ఉన్న రోజులు 729కి మించకపోయినా, ఆర్ఎన్ఓఆర్ అనే మధ్యస్థ హోదా ఇస్తుంది. సాధారణంగా ఇది రెండేళ్లు ఉంటుంది, తిరిగి వచ్చిన తేదీ కలిసివస్తే మూడేళ్లు. ఆ కాలంలో విదేశాల్లో వచ్చే ఇలాంటి ఆదాయం మీద ఇక్కడ పన్ను లేదు. కనుక బ్రోకరేజి ఖాతాలో పెరిగిన లాభాన్ని ఇంటికి తెచ్చుకోవాలన్నా, 401(కె)లో కొంత తీసుకోక తప్పదన్నా, ఈ కిటికీ తెరిచి ఉన్నప్పుడే చేసుకోవాలి. 401(కె) విషయంలో అమెరికా పన్ను మాత్రం ఉంటుంది. అందుకే తిరిగి వచ్చిన సంవత్సరంలో కాకుండా, అక్కడ జీతం లేని మరుసటి సంవత్సరంలో తీసుకోవడం మంచిది, జీతం మీద ఈ మొత్తం పేరుకుని పై శ్లాబులోకి పోకుండా ఉంటుంది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో పనిచేసినవారికి ఇంకో ఉపశమనం ఉంది. ఆ రాష్ట్రం వదిలి వెళ్లినవారి విశ్రాంత ఖాతా ఆదాయం మీద రాష్ట్రం పన్ను వేయకూడదని 1996 నాటి సమాఖ్య చట్టం చెబుతుంది.

తీసుకోనవసరం లేనివారు 401(కె)ని అక్కడే వదిలేయడమే మేలు. స్రవంతికి అరవై వచ్చి, తెనాలిలో ఉంటూ దాన్ని పింఛనులాగా కొంతకొంతగా తీసుకుంటుందనుకోండి. రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 20వ అధికరణం ప్రకారం, నివాస దేశం ఒక్కటే అలాంటి పింఛను మీద పన్ను వేయవచ్చు. డబ్ల్యూ-8బెన్ అనే ఫారం ఖాతా సంస్థకు ఇచ్చి ఆ హక్కు కోరాలి. అయితే ఆ ఒప్పందం పింఛను అంటే క్రమంగా వచ్చే చెల్లింపు అని చెప్పింది. మొత్తం ఒకేసారి తీసుకుంటే ఆ రక్షణ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఈలోగా ఖాతాలో ఏటా పెరిగేదాని మీద భారతదేశం పన్ను అడుగుతుందా అన్న సమస్య ఉండేది. 2021లో పాత చట్టంలో చేర్చిన 89ఎ సెక్షన్, అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు, డబ్బు తీసుకున్నప్పుడే పన్ను అనే ఎంపిక ఇచ్చింది. ఆ పాత చట్టం కింద రిటర్ను గడువులోగా 10-ఇఇ ఫారంతో ఒక్కసారి ఎంచుకుంటే తర్వాతి ఏళ్లకూ అదే వర్తిస్తుంది, వెనక్కి తీసుకోలేరు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలవుతున్నది గనుక సెక్షన్ల, ఫారాల సంఖ్యలు మీ ఆడిటరు దగ్గర సరిచూసుకోండి. పూర్తి రెసిడెంట్ అయిన ఏడాది నుంచి ఈ ఖాతాలన్నీ రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి. చూపించకపోతే పది లక్షల రూపాయల జరిమానా వేసే అధికారం 2015 నాటి నల్లధనం చట్టం ఇచ్చింది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం ఇరవై లక్షల లోపు ఉంటే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా లేదు, చూపించవలసిన బాధ్యత మాత్రం ఉంది.

(సభలో ఒక తండ్రి అడిగిన ప్రశ్న: మా అమ్మాయి ఖాతాలు అక్కడే ఉండి, ఆమెకు ఏదైనా జరగరానిది జరిగితే ఆ డబ్బు మాకు చేరుతుందా?)

అయ్యా, అడగడానికి కష్టమైన ప్రశ్న అడిగారు, అడిగి మంచిపని చేశారు. రెండు విషయాలు చెబుతాను. మొదటిది, 401(కె)లో లబ్ధిదారుగా ఎవరి పేరు రాశారో వారికే డబ్బు వెళుతుంది, వీలునామాలో వేరే పేరున్నా అది పనిచేయదు. పెళ్లయినవారికి చట్టప్రకారం భార్య లేదా భర్తకే మొదటి హక్కు, వారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మరొకరి పేరు నిలుస్తుంది. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, ఆ తర్వాత ఖాతా తెరిచి చూడనివారు చాలామంది ఉన్నారు. ఈ రాత్రికే మీ అమ్మాయిని ఆ పేజీ చూడమనండి.

రెండవది వారసత్వపు పన్ను. ఆ దేశంలో స్థిరనివాసం లేని విదేశీయుడు మరణిస్తే, అతని అమెరికా ఆస్తుల్లో 60,000 డాలర్ల వరకే మినహాయింపు, ఆ పైన పన్ను 40 శాతం దాకా పోవచ్చు. అమెరికా కంపెనీల షేర్లు, అమెరికా ఫండ్లు, 401(కె) ఇందులోకి వస్తాయి. మామూలు బ్యాంకు డిపాజిట్లు రావు. మనకు ఆ దేశంతో వారసత్వపు పన్ను ఒప్పందం లేదు. అందుకే తిరిగి వచ్చినవారితో నేను, బ్రోకరేజి ఖాతాలోని ఫండ్లను ఆర్ఎన్ఓఆర్ కాలంలో చాలావరకు అమ్మి ఇక్కడికి తెచ్చుకోమని, 401(కె)ని మాత్రం వదిలేయమని, ఆ 401(కె) నిల్వ 60,000 దాటుతుంటే పడే పన్నుకు సరిపడా టర్మ్ ఇన్సూరెన్సు తీసుకోమని చెబుతాను. తెచ్చిన డాలర్లను వెంటనే రూపాయలు చేయనవసరం లేదు, తిరిగి వచ్చినవారి కోసం ఆర్ఎఫ్‌సి అనే విదేశీ కరెన్సీ ఖాతా మన బ్యాంకుల్లోనే ఉంది.

(సెలవు మీద వచ్చిన ఒక యువకుడి ప్రశ్న: తిరిగి వచ్చాక అక్కడి ఖాతాలోకి లాగిన్ కాలేకపోతున్నామని మా స్నేహితులు అంటున్నారు, ఏం చేయాలి?)

బాబూ, ఓటీపీ అమెరికా ఫోను నంబరుకు వెళుతుంది, ఆ నంబరు మీరు వచ్చిన నెలలోనే రద్దయిపోతుంది. అందుకని విమానం ఎక్కకముందే ఆ నంబరును చవకైన ప్లాన్‌లోకి మార్చి ఉంచుకోండి, లేదా ఖాతా సంస్థ ఒప్పుకుంటే ఆథెంటికేటర్ యాప్‌కు మార్చుకోండి. అక్కడి బ్యాంకు ఖాతా ఒకటి తెరిచి ఉంచండి, లేకపోతే 401(కె) నుంచి వచ్చేది డాలరు చెక్కుగా ఇంటికి పోస్టులో వస్తుంది, దాన్ని ఇక్కడి బ్యాంకు వసూలు చేసేసరికి వారాలు పడుతుంది. పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ చిరునామా ఖాతాలో ఉంటే సొంతదానికి మార్చండి. చివరి పేస్లిప్పు, ఏడాది జీతమూ పన్ను కోతలూ చూపే డబ్ల్యూ-2 ఫారం ప్రతి ఏడాదిదీ, వెస్టింగ్ నిల్వ కనబడే చివరి స్టేట్‌మెంటు కాపీలు తీసి మీ దగ్గరొకటి, నాన్నగారి దగ్గరొకటి ఉంచండి.